దగ్గర నుంచి తీసిన ఫోటోలో కళ్లు, చెవులు హెచ్చుతగ్గులుగా కనిపిస్తే: ఫోటోషాప్‌లో సరిదిద్దే పద్ధతి

"ఒక కన్ను చిన్నదిగా పడింది, ఒక చెవి కిందికి ఉంది, కాస్త సమానం చేయండి." ఫ్రేమ్ కట్టించడానికి ఫోటో ఇచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఇదే. చేసేవాళ్లలో చాలామంది చేసేది కూడా ఒక్కటే: Liquify తెరిచి, చిన్న కన్ను పెద్ద కన్నుతో సమానమయ్యేదాకా లాగడం. అలా చేసిన ఫోటోలో కళ్లు సమానంగానే ఉంటాయి, కానీ ఆ మనిషి ఆ మనిషిలా ఉండరు. ఇంట్లోవాళ్లు చూడగానే "ఏదో తేడాగా ఉందండీ" అంటారు. ఆ తేడా ఏమిటో మాత్రం చెప్పలేరు.

తేడా ఎక్కడ వస్తుందంటే, ఫోటోలో కనిపించే వంకర మూడు కారణాలు కలిసి ఏర్పడుతుంది. తల భుజం వైపు వాలడం ఒకటి. తల కాస్త పక్కకు తిరిగి ఉండగా కెమెరా దగ్గరగా ఉండటం రెండోది. ఆ ముఖానికి పుట్టుకతో ఉన్న సహజమైన తేడా మూడోది. మొదటి రెండింటినే సరిదిద్దాలి, మూడోదాన్ని ముట్టుకోకూడదు. ఈ మూడింటినీ విడదీసి కొలవడం, ఆ తర్వాత వరుస తప్పకుండా సరిచేయడం ఎలాగో ఒక ఫోటోను ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

ఫోటోలో ఉన్న మనిషే వచ్చి "నా ముఖం వంకరగా పడింది" అంటే, ముందు ఫోటోను అద్దంలో కనిపించినట్టు తిప్పి చూపించండి. ఫోటోషాప్‌లో Image > Image Rotation > Flip Canvas Horizontal. మన ముఖాన్ని మనం రోజూ అద్దంలోనే చూసుకుంటాం కాబట్టి, తిప్పని ఫోటో మనకే కొత్తగా కనిపిస్తుంది. తిప్పి చూపించగానే "ఇప్పుడు బాగుంది" అన్నారంటే అక్కడ సరిదిద్దాల్సింది పెద్దగా ఏమీ లేదు. అలాగని తిప్పిన ఫోటోనే ప్రింట్ చేసి ఇవ్వకండి. పమిట రెండో భుజం మీదికి వెళ్తుంది, పుట్టుమచ్చ వేరే చెంప మీదికి వస్తుంది. మిగతా ఇంట్లోవాళ్లందరికీ అది తప్పుగా కనిపిస్తుంది.

రెండోది, అదే మనిషిది ఎదురుగా, కాస్త దూరం నుంచి తీసిన ఇంకో ఫోటో అడగండి. పెళ్లి ఆల్బమ్‌లోది కావచ్చు, పాత గ్రూప్ ఫోటో కావచ్చు. అందులోనూ అదే కన్ను చిన్నదిగా ఉంటే అది ఆ మనిషి పోలిక. దాన్ని "సరిచేస్తే" పోలికే పోతుంది. ఇంకో ఫోటో దొరకకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. "అమ్మకు ఎడమ కన్ను మొదటి నుంచీ కొంచెం చిన్నదే" అని ఎవరో ఒకరు చెబుతారు.

మూడోది, ఫోటో దేనికి కావాలి? పాస్‌పోర్ట్, వీసా లాంటి అధికారిక పత్రాలకైతే ఈ పని చేయకూడదు. ముఖాన్ని సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫోటోలను అక్కడ ఒప్పుకోరు. తల నిటారుగా పెట్టించి మళ్లీ తీయడమే దారి. అసలు ఏ పనికైనా సరే, మనిషి అందుబాటులో ఉండి మళ్లీ తీసే వీలుంటే మళ్లీ తీయడమే మేలు. సరిదిద్దడం అనేది ఆ వీలు లేని ఫోటో కోసం.

## 2. వంకర ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోండి

తల భుజం వైపు వాలితే రెండు కళ్లను కలిపే గీత వాలుతుంది, పెదవుల మూలలను కలిపే గీత కూడా అంతే వాలుతుంది. రెండు గీతలూ సమాంతరంగా ఉంటాయి. ఒక చెవి పైకి, ఒకటి కిందికి పోతుంది. కానీ పరిమాణాలు మారవు. ఇది సులువైన కేసు, ఫోటోను కొద్దిగా తిప్పితే సరిపోతుంది.

తల పక్కకు తిరిగితే కథ వేరు. ఒక కన్ను కెమెరాకు దగ్గరవుతుంది, ఇంకోటి దూరమవుతుంది. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సుమారు 63 మిల్లీమీటర్లు. తల 10 డిగ్రీలు తిరిగితే ఒక కన్ను రెండోదానికన్నా 11 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. కెమెరా మీటరున్నర దూరంలో ఉంటే ఆ 11 మిల్లీమీటర్లు ఒక శాతం కన్నా తక్కువ, కంటికి ఆనదు. అదే చేయి చాపి తీసినట్టు 45 సెంటీమీటర్ల నుంచి తీస్తే రెండున్నర శాతం. చెవులు ఇంకా ఎడంగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య తేడా 4, 5 శాతం దాకా వస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పు లెన్స్ మీదికి నెడతారు. నిజానికి ముఖం మధ్యలో ఉన్నప్పుడు ఈ తేడాను నిర్ణయించేది దూరమే, లెన్స్ కాదు. వైడ్ లెన్స్ పెడితే ముఖం ఫ్రేమ్ నిండడానికి మనం దగ్గరికి జరుగుతాం, అందుకే నింద లెన్స్ మీద పడుతుంది. గ్రూప్ ఫోటోలో అంచున నిలబడ్డవాళ్ల ముఖాలు పక్కకు సాగడం మాత్రం వైడ్ లెన్స్ వల్ల వచ్చేదే. అది వేరే సమస్య, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

పక్కకు తిరిగిన తలలో ఇంకో విషయం ఉంది. అసలు చిక్కంతా ఇక్కడే. దూరపు కన్ను చిన్నదిగా కనిపించడానికి దూరం ఒక్కటే కారణం కాదు. ముఖం గుండ్రంగా ఉంటుంది కాబట్టి, తల తిరిగినప్పుడు ఆ కన్ను పక్కవాటుగా కనిపించి దాని వెడల్పు కుదించుకుపోతుంది. ఇది వంకర కాదు, తల తిరిగి ఉందని చెప్పే సహజమైన గుర్తు. దీన్ని చెరిపేస్తే ముక్కు ఒక వైపు చూస్తుంది, కళ్లు ఇంకో వైపు చూస్తాయి. చూసేవాళ్లకు "ఏదో తేడాగా" అనిపించేది ఇదే.

ఈ రెండు కారణాలనూ విడదీయడానికి మంచి కొలబద్ద నల్లగుడ్డు. మనిషి కెమెరా వైపు చూస్తుంటే, తల తిరిగి ఉన్నా నల్లగుడ్లు రెండూ కెమెరాకే ఎదురుగా ఉంటాయి, కాబట్టి గుండ్రంగానే కనిపిస్తాయి. ఒకే మనిషి రెండు నల్లగుడ్ల వ్యాసం దాదాపు సమానం. అందుకని ఫోటోలో వాటి వెడల్పుల మధ్య కనిపించే తేడాయే దూరం వల్ల వచ్చిన తేడా. మనం సరిదిద్దగలిగేది అంతవరకే. కంటి కొలికి నుంచి కొలికి దాకా ఉన్న వెడల్పును కొలబద్దగా పెట్టుకోకండి.

## 3. కొలతలు

మన ఉదాహరణ: ఒక పెద్దావిడ ఫోటో, 12×18 అంగుళాల ఫ్రేమ్‌కి కావాలి. కొడుకు ఫోన్‌తో దగ్గర నుంచి తీసింది. వెనక సాదా గోడ, చెవులకు బుట్టలు. తల కొద్దిగా వాలి ఉంది, కొద్దిగా పక్కకు తిరిగి కూడా ఉంది. ఫోటోలో కుడి పక్కన ఉన్న కన్ను, చెవి చిన్నవిగా, కిందికి కనిపిస్తున్నాయి. దాన్ని దూరపు వైపు అందాం, ఎడమ పక్కది దగ్గరి వైపు.

ఐడ్రాపర్ టూల్ గ్రూపులో ఉండే Ruler Tool తీసుకోండి. గీత గీస్తే పైన ఆప్షన్స్ బార్‌లో A దగ్గర కోణం, L1 దగ్గర పొడవు కనిపిస్తాయి. యూనిట్లు పిక్సెళ్లలో పెట్టుకుని 200 శాతం జూమ్‌లో కొలవండి.

మా కొలతలు ఇలా వచ్చాయి:

- రెండు కంటిపాపల మధ్య దూరం 620 పిక్సెళ్లు, దూరపు కన్ను 30 పిక్సెళ్లు కిందికి ఉంది. అంటే వాలు సుమారు 2.8 డిగ్రీలు.
- పెదవుల మూలల మధ్య 480 పిక్సెళ్లు, దూరపు మూల 11 పిక్సెళ్లు కిందికి. వాలు సుమారు 1.3 డిగ్రీలు.
- నల్లగుడ్డు వెడల్పు: దగ్గరిది 116, దూరపుది 113.
- కంటి వెడల్పు: దగ్గరిది 292, దూరపుది 270.
- చెవి ఎత్తు: దగ్గరిది 505, దూరపుది 482.

ఇప్పుడు వీటిని చదవండి. కళ్ల గీత, పెదవుల గీత సమాంతరంగా లేవు, దూరపు వైపు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. దూరంగా పోయే రైలు పట్టాలు దగ్గరవుతున్నట్టు కనిపించడం లాంటిదే ఇది. తల వాలుతో పాటు పక్కకు తిరగడం కూడా ఉందని అర్థం. అసలు వాలు ఈ రెండు కోణాల సగటు, అంటే సుమారు 2 డిగ్రీలు.

నల్లగుడ్లలో తేడా రెండున్నర శాతం. కళ్ల వెడల్పులో తేడా మాత్రం 8 శాతం దాకా ఉంది. దూరం వల్ల వచ్చింది రెండున్నరే, మిగతాదంతా తల తిరగడం వల్ల వచ్చిన కుదింపు. ఇక్కడ ఎవరైనా దూరపు కంటిని 8 శాతం పెంచితే దాని నల్లగుడ్డు 113 నుంచి 122 అవుతుంది. వెనక ఉండాల్సిన కన్ను ముందున్నదానికన్నా పెద్దదై, గుడ్డు ఉబ్బినట్టు కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: మనిషి నవ్వుతుంటే పెదవులు ఒక వైపు ఎక్కువ పైకి పోవచ్చు. అప్పుడు పెదవుల గీతను నమ్మకండి. ముక్కుపుటాల అడుగులను కలిపే గీతను తీసుకోండి. బొట్టు, పాపిడి మధ్యలో ఉన్నాయనుకుని వాటి ఆధారంగా కొలవడం కూడా వద్దు. అవి చేత్తో పెట్టుకున్నవి, ఎప్పుడూ సరిగ్గా నడుమనే ఉండవు.

## 4. ఫైల్ సిద్ధం చేసుకోవడం

- అసలు ఫైల్‌ను పక్కన పెట్టి కాపీ మీదే పని చేయండి.
- Ctrl+J తో బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌కు నకలు తీసి, కింది లేయర్‌ను లాక్ చేయండి.
- మచ్చలు, ముడతల రీటచింగ్, రంగులు సరిచేయడం ఇప్పుడు వద్దు. అవి ఆకారం కుదిరిన తర్వాత.
- క్రాప్ చేయకండి. తిప్పినప్పుడు మూలలు పోతాయి కాబట్టి అంచుల్లో చోటు కావాలి.
- View > Guides > New Guide తో తెరకు అడ్డంగా ఒక గైడ్ పెట్టి, కళ్ల దగ్గరికి జరపండి.

## 5. మొదటి మెట్టు: వాలు తీయడం

ఎప్పుడూ వాలుతోనే మొదలుపెట్టండి. వాలు ఉండగా కన్నునో చెవినో విడిగా సరిచేస్తే, తర్వాత తిప్పినప్పుడు ఆ పని మొత్తం చెడుతుంది.

Image > Image Rotation > Arbitrary తెరవండి. రూలర్‌తో ఆఖరిగా గీసిన గీత కోణం అక్కడ ముందే పడి ఉండొచ్చు. కళ్ల గీత గీసి ఉంటే 2.8 చూపిస్తుంది. దాన్ని అలాగే ఒప్పుకోకండి. చెరిపేసి 2 అని కొట్టండి, మన ఫోటోకు °CCW ఎంచుకోండి. రూలర్ ఆప్షన్స్‌లో ఉండే Straighten Layer బటన్ కూడా ఇదే తప్పు చేయిస్తుంది. కళ్లను పూర్తిగా సమతలానికి తెచ్చి, పెదవులను ఎదురు వైపు వాలుస్తుంది.

తిప్పాక దూరపు కన్ను ఇంకా 8 పిక్సెళ్ల దాకా కిందికి ఉంటుంది, పెదవుల దూరపు మూల కొంచెం పైకి ఉంటుంది. ఇది సరైన ఫలితమే. మిగిలింది తర్వాతి మెట్టులో పోతుంది.

వెనక తలుపు చట్రం, గడియారం, కిటికీ లాంటివి ఉంటే ఫోటో మొత్తం తిప్పకూడదు, అవి వాలిపోతాయి. అప్పుడు తలను, మెడను ఎంచుకుని విడి లేయర్ చేసి దాన్నే తిప్పండి. Ctrl+T నొక్కాక తిరిగే కేంద్రాన్ని మెడ అడుగున, గొంతు గుంట దగ్గర పెట్టాలి. కేంద్రం గుర్తు కనిపించకపోతే ఆప్షన్స్ బార్‌లో ఎడమ చివర ఉండే చిన్న పెట్టెలో టిక్ పెట్టండి. ముఖం మధ్యలో కేంద్రం ఉంచి తిప్పితే మెడ విరిగినట్టు వస్తుంది. ఇలా 3 డిగ్రీల వరకు మెడ దగ్గర మాస్క్‌తో కలిపేయవచ్చు. అంతకు మించితే భుజాలకూ తలకూ పొత్తు కుదరదు. ఆ వాలును కొంత అలాగే వదిలేయడమే నయం.

## 6. రెండో మెట్టు: దూరం వల్ల వచ్చిన తేడాను సగం తగ్గించడం

ఒక్కో అవయవాన్ని విడిగా లాగే ముందు తల మొత్తానికి కలిపి చేసే సవరణ ఇది. కళ్లు, పెదవులు, చెవులు, దవడ అన్నీ ఒకే లెక్కలో మారతాయి, కాబట్టి పోలిక చెడదు.

తలను, మెడను, చుట్టూ కొంచెం గోడను కలిపి Lasso తో ఎంచుకుని Ctrl+J కొట్టండి. మెడను తప్పకుండా కలపండి. ఎందుకంటే ఈ సవరణ పెట్టె నడిమి ఎత్తును ఆధారం చేసుకుని పైకీ కిందికీ సాగదీస్తుంది. ఆ నడుమ ముక్కు దగ్గర పడితేనే కళ్లు పైకి, పెదవులు కిందికి సరిగ్గా జరుగుతాయి. మెడ వదిలేస్తే నడుమ కళ్ల దగ్గర పడి, కళ్లు కదలకుండా గడ్డం ఒక్కటే సాగుతుంది.

Ctrl+T నొక్కి, కుడి క్లిక్ చేసి Perspective ఎంచుకోండి. దూరపు వైపు పై మూలను పట్టుకుని పైకి లాగండి. కింది మూల దానంతటదే అంతే కిందికి పోతుంది. ఎంత లాగాలి? మన పెట్టె సుమారు 1600 పిక్సెళ్ల వెడల్పు, 2800 ఎత్తు. 620 పిక్సెళ్ల మేర రెండున్నర శాతం తేడా ఉంటే 1600 మేర ఆరున్నర శాతం. 2800లో ఆరున్నర శాతం అంటే 180 పిక్సెళ్లు. అందులో సగం 90, పైన 45, కింద 45. అంతే లాగండి.

పూర్తిగా కాకుండా సగమే ఎందుకంటే, భుజాలు, మెడ, వెలుగునీడలు అన్నీ పాత దూరానికి తగ్గట్టే ఉన్నాయి. ముఖం ఒక్కదాన్నే పూర్తిగా మారిస్తే అతికించినట్టు కనిపిస్తుంది. సగం తగ్గితే చూసేవాళ్ల దృష్టి వంకర మీదికి పోదు, అతుకూ కనిపించదు.

దగ్గరి వైపును లోపలికి నొక్కి సరిచేయకండి. అలా చేస్తే పాత తల అంచు కింది లేయర్లోంచి బయటికి తొంగిచూస్తుంది. దూరపు వైపును బయటికి సాగదీస్తే పాత అంచు కొత్తదాని కింద కప్పబడిపోతుంది.

Enter కొట్టాక లేయర్ మాస్క్ పెట్టి, మెత్తటి నల్ల బ్రష్‌తో మెడ అడుగు భాగంలో, గోడ అంచుల్లో కలిపేయండి. గొలుసు గానీ నల్లపూసలు గానీ ఉంటే అతుకు వాటికి పైనే, గడ్డం నీడ పడే చోట పెట్టండి. పూసల మీద అతుకు పెడితే రెండు వరసలు కనిపిస్తాయి.

## 7. మూడో మెట్టు: కన్ను

ఇప్పుడు మళ్లీ కొలవండి. మన ఫోటోలో దగ్గరి నల్లగుడ్డుకూ దూరపుదానికీ మధ్య ఇంకా ఒక శాతం పైచిలుకు తేడా మిగిలింది. దీనికి Liquify అక్కర్లేదు. అందులో Eye Size స్లైడర్ ఉంది గానీ, ఎంత శాతం పెరుగుతుందో అంకె తెలియదు. వాడాల్సి వస్తే కుడి ఎడమ స్లైడర్ల మధ్య ఉండే గొలుసు గుర్తు ఆపి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రెండు కళ్లూ కలిసి పెరుగుతాయి. నేనైతే అంకె టైప్ చేయగలిగే పాత పద్ధతినే వాడతాను.

1. దూరపు కన్నును, రెప్పలు, కనుబొమ్మతో సహా, చుట్టూ వేలెడంత చర్మం కలిసేలా Lasso తో ఎంచుకోండి. Feather 20 పిక్సెళ్లు.
2. Ctrl+J, తర్వాత Ctrl+T.
3. ఆప్షన్స్ బార్‌లో W, H రెండింటిలోనూ 101% కొట్టండి.
4. Enter కొట్టి, Move Tool తీసుకుని పై బాణం కీతో 2, 3 పిక్సెళ్లు పైకి జరపండి.
5. కనుబొమ్మ చివర, ముక్కు దూలం పక్కన గీత ఏమైనా కనిపిస్తే మాస్క్‌తో కలపండి.

కనుబొమ్మను వదిలేసి కన్నునొక్కదాన్నే పెంచితే రెప్పకూ కనుబొమ్మకూ మధ్య జాగా తగ్గుతుంది, ముఖంలో కోపం కనిపిస్తుంది. ఆవిడ శాంతంగా కూర్చున్న ఫోటోలో కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

ఇదంతా అయ్యాక కూడా దూరపు కంటి వెడల్పు దగ్గరిదానికన్నా 15 పిక్సెళ్ల దాకా తక్కువే ఉంటుంది. ఉండనివ్వండి. ముక్కు కొద్దిగా పక్కకు చూస్తున్నప్పుడు ఆ కన్ను అలాగే ఉండాలి.

కళ్లజోడు ఉంటే ఈ మెట్టు పూర్తిగా వదిలేయండి. అద్దం లోపలి కన్నును పెంచితే ఫ్రేముకూ కంటికీ లెక్క తప్పుతుంది. రెండో మెట్టు ఒక్కటే చేసి ఆపండి.

ఒక కన్నును కాపీ చేసి, తిప్పి, రెండో కన్ను స్థానంలో పెట్టే పద్ధతి ఒకటి చాలా వీడియోల్లో చూపిస్తారు. దయచేసి చేయకండి. కంట్లో పడే వెలుగు చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉంటుంది. తిప్పి పెడితే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పోతుంది. రెప్ప మీది నీడ కూడా తలకిందులవుతుంది. చుక్కను సరిచేసినా ఆ రెండు కళ్లు ఒకే మనిషివిగా కనిపించవు.

## 8. నాలుగో మెట్టు: చెవులు, బుట్టలు

రెండో మెట్టు చేశాక చెవుల ఎత్తులో తేడా 5 శాతం నుంచి రెండున్నరకు దిగుతుంది. ఇక్కడితో ఆపేయవచ్చు. జుట్టు, నగలు, నీడ ఉండే చోట ఆ మాత్రం తేడా కంటికి తెలియదు.

చాలామంది అడిగేది ఎత్తు గురించి కాదు, "ఒక చెవి మొత్తం కనిపిస్తోంది, ఇంకోటి సగమే కనిపిస్తోంది" అని. తల తిరిగినప్పుడు దూరపు చెవి చెంప వెనక్కి పోతుంది. ఫోటోలో లేని చెవిని లాగి తేలేం. చెంపను లోపలికి నొక్కి చెవిని బయటికి తెస్తే ముఖం సన్నబడి దవడ గీత విరుగుతుంది. చెవి మరీ బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటే మాత్రం Edit > Transform > Warp తో దగ్గరి చెవిని పది పిక్సెళ్లు లోపలికి తేవచ్చు. అది కూడా చెవి పైభాగాన్నే. తమ్మె దగ్గర ముట్టుకుంటే కమ్మ చోటు మారుతుంది.

ఇప్పుడు బుట్టలు. వేలాడే నగ ఎప్పుడూ భూమికి నిటారుగానే వేలాడుతుంది, తల ఎంత వాలినా సరే. మనం ఫోటోను 2 డిగ్రీలు తిప్పాం కాబట్టి బుట్టలు కూడా 2 డిగ్రీలు ఒరిగిపోయాయి. తల నిటారుగా ఉండి బుట్టలు ఒరిగి ఉంటే, ఫోటోను తిప్పారని తెలిసిపోతుంది. ఒక్కో బుట్టను ఎంచుకుని Ctrl+J చేయండి. Ctrl+T లో కేంద్రాన్ని చెవి రంధ్రం దగ్గర పెట్టి, కోణం 2 కొట్టి వెనక్కి తిప్పండి. గడియారం ముల్లు దిశకు ధన అంకె, ఎదురు దిశకు ఋణ అంకె. కింద మిగిలిన పాత బుట్ట అంచును Clone Stamp తో చెరిపేయండి.

చెంపస్వరాలు ఉంటే అవి చెవికీ జుట్టుకూ తగిలించి ఉంటాయి కాబట్టి తలతో పాటే తిరుగుతాయి, వాటిని వదిలేయండి. ముఖానికి ముందుగా జారిన జడ కూడా నిటారుగా వేలాడేదే, కానీ 2 డిగ్రీలకు దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

## 9. సరిచూసుకోవడం

పని మీదే కూర్చున్న కంటికి తప్పులు కనిపించవు. ఈ కింది వరుసలో చూసుకోండి:

- Flip Canvas Horizontal తో తిప్పి చూడండి. కొత్త వంకర ఏదైనా తెచ్చిపెట్టి ఉంటే మొదటి చూపులోనే తెలుస్తుంది. చూశాక మళ్లీ తిప్పేయడం మర్చిపోకండి.
- 25 శాతం జూమ్‌లో, సవరించిన లేయర్లను ఒకసారి ఆపి, ఒకసారి వేసి చూడండి. "మనిషి మారారు" అనిపించకూడదు, "తల సర్దుకుని కూర్చున్నారు" అనిపించాలి.
- దూరపు నల్లగుడ్డు దగ్గరిదానికన్నా పెద్దదిగా ఉండకూడదు. కొలిచి చూడండి.
- రెండు కళ్లలో వెలుగు చుక్క ఒకే వైపు ఉందా?
- మెడ మీద, దవడ కింద, గోడ మీద అతుకు ఉందేమో 100 శాతం జూమ్‌లో చూడండి.
- పెద్ద ప్రింట్ వేసే ముందు 4×6 ఒకటి వేసి ఇంట్లోవాళ్లకు చూపించండి. ఏం మార్చారో చెప్పకుండా చూపించండి.

## 10. ఫలితం తేడాగా ఉంటే

కన్ను ఉబ్బినట్టు ఉంది. కంటి వెడల్పును చూసి పెంచారు. ఆ లేయర్ తీసేసి, నల్లగుడ్డు కొలతతో మళ్లీ చేయండి.

ముఖం చెక్కినట్టు, ప్రాణం లేనట్టు ఉంది. తేడాలన్నీ తీసేశారు. రెండో మెట్టు లేయర్ ఒపాసిటీ తగ్గిస్తే సరిపోతుందనుకోకండి, కింది ముఖం కలిసి రెండు కళ్లు, రెండు పెదవులు కనిపిస్తాయి. Ctrl+T కి ముందు లేయర్‌ను Smart Object గా మార్చుకుని ఉంటే, లాగిన కొలతను ఎప్పుడైనా వెనక్కి తగ్గించుకోవచ్చు.

ముక్కు వంకరగా కనిపిస్తోంది. ముక్కు మారలేదు, చుట్టూ ఉన్నవి ఎక్కువ మారాయి. తల 15 డిగ్రీల కన్నా ఎక్కువ తిరిగి ఉన్న ఫోటోల్లో ఇలా అవుతుంది. అలాంటి ఫోటోను ఎదురు ముఖంగా మార్చాలని చూడకండి. వాలు తీసి, పక్కకు తిరిగిన ఫోటోగానే ఉంచండి.

రెప్ప ఒకటి వాలి ఉంది, కొలతలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. అది దూరం వల్ల వచ్చింది కాదు. పాత ఫోటోల్లోనూ ఉంటే వదిలేయండి. ఎదుట ఉన్న మనిషికే పాత ఫోటోల్లో లేని విధంగా రెప్ప గానీ పెదవి మూల గానీ ఒక్కసారిగా జారి కనిపిస్తే, ఫోటో సంగతి తర్వాత, ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

## 11. మళ్లీ తీసే అవకాశం ఉంటే

మనిషికి మీటరున్నర దూరంలో నిలబడండి. ఫోన్‌లో 2x లేదా 3x పెట్టండి, ఆ సౌకర్యం లేకపోతే మామూలుగా తీసి తర్వాత క్రాప్ చేయండి. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి. "నిటారుగా చూడండి" అంటే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. "ముక్కు కొసను ఫోన్ వైపు పెట్టండమ్మా" అంటే తల దానంతటదే ఎదురుగా తిరుగుతుంది. షట్టర్ నొక్కే ముందు రెండు చెవులూ సమానంగా కనిపిస్తున్నాయా, బుట్టలు రెండూ మెడకు ఒకే ఎడంలో వేలాడుతున్నాయా అని చూడండి. ఒక బుట్ట మెడకు తగులుతూ ఇంకోటి దూరంగా ఉంటే తల ఆ దూరంగా ఉన్న బుట్ట వైపు వాలి ఉన్నట్టే.